కడ్డీ నిలువుగా వచ్చే క్షణంలో హింజ్ బలం 5Mg/2 ఎందుకు, 3Mg ఎందుకు కాదు

ప్రశ్న: సార్, నేను బెంగళూరులో సెకండ్ పీయూ చదువుతున్నాను. ఇంట్లో తెలుగే కాబట్టి తెలుగులోనే అడుగుతున్నాను. M ద్రవ్యరాశి, L పొడవు ఉన్న ఏకరీతి కడ్డీకి ఒక చివర హింజ్ ఉంది. అడ్డంగా పట్టుకుని వదిలేస్తే నిలువుగా వచ్చేసరికి కోణీయ వేగం ఎంత, హింజ్ బలం ఎంత? ద్రవ్యరాశి మొత్తం మధ్యలో ఉందనుకుని చేస్తే నాకు 2√(g/L), 3Mg వచ్చాయి. కీలో √(3g/L), 5Mg/2 అని ఉంది. మా ఫ్రెండ్‌కి ω సరిగ్గానే వచ్చింది కానీ బలం 4Mg వచ్చింది. అసలు ద్రవ్యరాశి మధ్యలో ఉందని ఎప్పుడు అనుకోవచ్చు, ఎప్పుడు అనుకోకూడదు?

సమాధానం:

నీకు వచ్చిన 3Mg ఒక లెక్కకు సరైన జవాబే, కాకపోతే ఆ లెక్క ఇది కాదు. బరువు లెక్కలోకి రాని సన్నని పుల్ల, పొడవు L/2, దాని చివర M ద్రవ్యరాశి ఉన్న చిన్న గుండు. దాన్ని అడ్డంగా పట్టుకుని వదిలితే కిందికి వచ్చేసరికి గుండు వేగం √(gL), కోణీయ వేగం 2√(g/L), పుల్ల దాన్ని పైకి లాగే బలం 3Mg. అంటే కడ్డీని పక్కనపెట్టి లఘు లోలకాన్ని సాధించావు. రెండింటిలోనూ ద్రవ్యరాశి అంతే, ద్రవ్యరాశి కేంద్రం దిగే ఎత్తు అంతే, గురుత్వాకర్షణ చేసే పని కూడా అంతే. అయినా కడ్డీ కిందికి వచ్చేసరికి గుండు కంటే నెమ్మదిగా తిరుగుతుంది. నీ సందేహానికి జవాబు ఈ తేడాలోనే ఉంది.

కడ్డీని చిన్న చిన్న ముక్కలుగా ఊహించుకో. హింజ్ నుంచి x దూరంలో ఉన్న ముక్కను తీసుకుంటే, అది దిగిన ఎత్తు xకి అనుపాతంలో ఉంటుంది. దాని బరువు వల్ల హింజ్ చుట్టూ వచ్చే టార్కూ అంతే, దాని అభికేంద్ర త్వరణం ω²x కూడా అంతే. ఇవన్నీ x మొదటి ఘాతంలో ఉన్నాయి. అలాంటి రాశుల్ని అన్ని ముక్కలకూ కూడితే సరిగ్గా xల సగటే వస్తుంది, అంటే L/2. అందుకే స్థితిజ శక్తికీ, గురుత్వ టార్కుకీ, మొత్తం బలానికీ ద్రవ్యరాశి అంతా మధ్యలో ఉందనుకోవచ్చు. అది ఉజ్జాయింపు కాదు, కచ్చితమైన ఫలితమే.

గతిజ శక్తి దగ్గరికి వచ్చేసరికి వేగం ωx వర్గమవుతుంది. వర్గాల సగటు, సగటు వర్గంతో సమానం కాదు. దీన్ని ఒక్కసారి చేత్తో చేసి చూడు. కడ్డీని రెండు సగాలు చేసి, ఒక్కో సగం ద్రవ్యరాశిని దాని మధ్యలో పెట్టు. ఒకటి L/4 దగ్గర, రెండోది 3L/4 దగ్గర. దూరాల సగటు L/2, ఇందులో ఏ మార్పూ లేదు. వర్గాల సగటు మాత్రం (1/16 + 9/16)/2, అంటే 5/16 L². మొత్తం మధ్యలోనే పెట్టి ఉంటే 4/16 వచ్చేది. ముక్కలు పెంచుకుంటూ పోతే ఈ 5/16 ఇంకొంచెం పెరిగి 1/3 దగ్గర ఆగుతుంది. జడత్వ భ్రామకం ML²/3 అని మనం బట్టీ పట్టేది ఈ సగటునే. నువ్వు తీసుకున్నది ML²/4. హింజ్‌కు దూరంగా ఉన్న సగం తన వంతు కంటే ఎక్కువ శక్తి తీసుకుంటుంది, దగ్గర సగం తక్కువ తీసుకుంటుంది, ఈ రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకోవు. ఉన్న శక్తి మాత్రం MgL/2 మాత్రమే. అందుకే వేగం తగ్గుతుంది.

ఇప్పుడు లెక్క రెండు లైన్లలో తేలిపోతుంది.

MgL/2 = ½ · (ML²/3) · ω²

ω² = 3g/L

ఇక్కడ శక్తి సమీకరణంలోకి హింజ్ బలం ఎందుకు రాలేదో గమనించు. ఆ బలం చిన్నదేమీ కాదు, కానీ అది పనిచేసే బిందువు కదలదు కాబట్టి అది చేసే పని సున్నా. పిన్నులో ఘర్షణ ఉంటే మాత్రం కథ మారుతుంది, చివర్లో దాని దగ్గరికి వస్తాను.

కొందరు పిల్లలు శక్తి జోలికి పోకుండా మొదటి క్షణపు కోణీయ త్వరణం 3g/(2L) కనుక్కుని, ω² = 2αθలో θ = π/2 పెట్టేస్తారు. అలా చేస్తే ω² అసలు విలువ కంటే 57 శాతం ఎక్కువ వస్తుంది. కడ్డీ దిగుతున్న కొద్దీ బరువుకూ హింజ్‌కూ మధ్య అడ్డదూరం తగ్గిపోతుంది, దాంతో టార్కూ తగ్గుతూ నిలువు దగ్గర సున్నా అవుతుంది. త్వరణం స్థిరంగా లేనిచోట ఆ సూత్రానికి చోటు లేదు.

ఇక బలం. నిలువుగా ఉన్న క్షణంలో కడ్డీ మీద బయటి బలాలు రెండే: మధ్యలో కిందికి Mg, పై చివర హింజ్ ఇచ్చే N. ద్రవ్యరాశి కేంద్రం L/2 వ్యాసార్థం ఉన్న వృత్తంలో తిరుగుతోంది, ఆ క్షణంలో దాని త్వరణం వృత్త కేంద్రం వైపు, అంటే నేరుగా పైకి. కాబట్టి

N − Mg = M · ω² · (L/2) = M · (3g/L) · (L/2) = 3Mg/2

N = 5Mg/2, పైకి.

మీ ఫ్రెండ్ ఇక్కడ L/2 బదులు L వేసి ఉంటారు. అప్పుడు Mg + 3Mg = 4Mg వస్తుంది. శక్తి సమీకరణంలో కడ్డీ పొడవంతా లెక్కలోకి వచ్చింది కదా, ఇక్కడా రావాలేమో అనిపించడం సహజమే. కానీ F = Maలో a అంటే ద్రవ్యరాశి కేంద్రపు త్వరణం, చివరి కొసది కాదు. నమ్మకం కుదరకపోతే ముక్కల వారీగా కూడి చూడు. dx పొడవున్న ముక్క ద్రవ్యరాశి (M/L)dx, దానికి కావలసిన అభికేంద్ర బలం (M/L)ω²x dx. సున్నా నుంచి L వరకు సమాకలనం చేస్తే Mω²L/2 వస్తుంది. అదే L/2. ఒకే లెక్కలో ఒకచోట L²/3 వాడి, పక్క లైన్లోనే L/2 వాడటం పరస్పర విరుద్ధమేమీ కాదు. మొదటిది వర్గాల సగటు, రెండోది మామూలు సగటు.

అడ్డంగా పనిచేసే హింజ్ బలం గురించి కూడా ఒక మాట రాయాలి, పరీక్షలో దీనికి మార్కు ఉంటుంది. నిలువు క్షణంలో Mg గీత హింజ్ గుండానే పోతుంది, టార్కు సున్నా, కోణీయ త్వరణం సున్నా. ద్రవ్యరాశి కేంద్రానికి అడ్డంగా త్వరణం లేదు, కాబట్టి హింజ్ అడ్డ బలం కూడా సున్నా. వేగం అడ్డంగా గరిష్ఠంగా ఉంది కదా, బలం ఉండొద్దా అని అడిగేవాళ్లున్నారు. బలం త్వరణాన్ని చూస్తుంది, వేగాన్ని కాదు.

అంకెలతో ఒకసారి చేద్దాం. ఇళ్ల స్లాబుల్లో వేసే 16 మిల్లీమీటర్ల ఇనుప కడ్డీ మీటరుకు సుమారు 1.58 కిలోలు తూగుతుంది. 1.2 మీటర్ల ముక్క దాదాపు 2 కిలోలు, మన లెక్కకు సరిగ్గా 2 అనుకుందాం. g = 9.8. పోగొట్టుకున్న స్థితిజ శక్తి 2 × 9.8 × 0.6 = 11.76 జౌళ్లు. జడత్వ భ్రామకం 2 × 1.44/3 = 0.96. దాంతో ω² = 24.5, ω సెకనుకు 4.95 రేడియన్లు. హింజ్ బలం: బరువు 19.6 న్యూటన్లు, తిప్పడానికి కావలసింది 2 × 24.5 × 0.6 = 29.4, మొత్తం 49 న్యూటన్లు. ఊరికే వేలాడుతుంటే 19.6 మోసే పిన్ను, ఊగుతూ వచ్చిన క్షణంలో దానికి రెండున్నర రెట్లు మోస్తుంది.

వదిలిన తొలి క్షణంలో ఆ పిన్ను ఎంత మోస్తుందో కూడా చూడు, ఇది చాలామందికి నమ్మశక్యంగా ఉండదు. అప్పుడు ω సున్నా. టార్కు MgL/2ని ML²/3తో భాగిస్తే కోణీయ త్వరణం 3g/(2L). ద్రవ్యరాశి కేంద్రం కిందికి 3g/4 త్వరణంతో బయల్దేరుతుంది. అంటే Mg − F = 3Mg/4, కాబట్టి F = Mg/4. మన కడ్డీకి 4.9 న్యూటన్లు. వదలకముందు రెండు చివరలా పట్టుకుని ఉంటే హింజ్ సగం బరువు మోస్తుంది. చెయ్యి తీసిన మరుక్షణం హింజ్ మీద భారం పెరగదు, సగం నుంచి పావుకు పడిపోతుంది. అక్కడి నుంచి అర సెకను పైచిలుకులో, కచ్చితంగా చెప్పాలంటే 0.53 సెకన్లలో, పదింతలవుతుంది.

మధ్యలో ఏం జరుగుతుందో తెలిస్తే నీ జవాబును నువ్వే సరిచూసుకోవచ్చు. కడ్డీ అడ్డం నుంచి θ కోణం దిగినప్పుడు ω² = 3g sinθ/L, α = 3g cosθ/(2L). బలాన్ని కడ్డీ వెంబడీ, దానికి లంబంగానూ విడగొట్టి రాస్తే, వెంబడి భాగం (5/2)Mg sinθ, హింజ్ వైపు. లంబంగా ఉన్నది (1/4)Mg cosθ, కదలికకు ఎదురుగా. θ = 0 పెడితే పావు, 90° పెడితే రెండున్నర. రెండు కొసలూ కలిశాయి. ఈ రెండింటినీ నిలువు, అడ్డ దిశల్లోకి మార్చుకుంటే సమీకరణాలు ఇంకా ముచ్చటగా ఉంటాయి:

నిలువు బలం = Mg · (1/4 + (9/4) sin²θ)

అడ్డ బలం = (9/4) · Mg · sinθ · cosθ

మొదటిదాన్ని Mgకి సమానం చేస్తే sin²θ = 1/3, అంటే దాదాపు 35°. అక్కడ హింజ్ సరిగ్గా బరువంతే మోస్తుంది. అంటే ఆ క్షణంలో ద్రవ్యరాశి కేంద్రానికి నిలువు త్వరణం లేదు, దాని కిందికి దిగే వేగం అక్కడే గరిష్ఠం కావాలి. విడిగా సరిచూడు: కిందికి దిగే వేగపు వర్గం sinθ cos²θకి అనుపాతంలో ఉంటుంది, దాని గరిష్ఠం కూడా sin²θ = 1/3 దగ్గరే వస్తుంది. వేర్వేరు దారుల్లో బయల్దేరి ఒకే కోణానికి చేరడం లెక్క సరిగ్గా ఉందనడానికి మంచి గుర్తు. నీ 3Mgని ఈ పరీక్ష పట్టుకోదు, ఎందుకంటే అది లఘు లోలకానికి అన్ని కోణాల్లోనూ సరైన లెక్కే, దానికీ ఇదే కోణం వస్తుంది. మీ ఫ్రెండ్ 4Mgకి దారితీసిన పొరపాటును అన్ని కోణాలకూ వాడుకుంటూ పోతే మాత్రం ఇక్కడ పొసగదు. మీ ఫ్రెండ్ పద్ధతిలో కడ్డీ వెంబడి బలం 4Mg sinθ అవుతుంది. అప్పుడు నిలువు బలం Mgకి సమానమయ్యే చోటు sin²θ = 1/5కి జరిగిపోతుంది, గరిష్ఠ వేగం మాత్రం 1/3 దగ్గరే ఉంటుంది.

రెండో సమీకరణం ప్రయోగం చేసేవాళ్లకు ముఖ్యం. 45° దగ్గర అడ్డ బలం 9Mg/8, అంటే కడ్డీ బరువు కంటే ఎక్కువ. మన 2 కిలోల కడ్డీకి 22 న్యూటన్లు. నిలువు లాగుడికే సరిపోయేలా స్టాండు బిగించి, కడ్డీ సగం దిగేసరికి స్టాండే పక్కకు ఒరగడం ల్యాబుల్లో చాలాసార్లు చూశాను. స్టాండు ఒరిగితే హింజ్ కదిలింది, హింజ్ కదిలితే అది పని చేసింది, ఇక శక్తి సమీకరణం చెల్లదు. కొలిచిన ω తక్కువ వస్తే ముందు చూడాల్సింది స్టాండునే.

సొంతంగా చేసి చూడాలనుంటే ఇనుప కడ్డీ వద్దు. దాని కొస కిందికి వచ్చేసరికి సెకనుకు 6 మీటర్ల వేగంతో వస్తుంది, మోకాలికి తగిలితే ఎముకకు ప్రమాదం. ω ద్రవ్యరాశి మీద ఆధారపడదు కాబట్టి అదే 1.2 మీటర్ల పొడవున్న తేలికపాటి అల్యూమినియం గొట్టం చాలు. ఎస్పీ రోడ్డుకు వెళ్తే గొట్టమూ, 608 నంబరు బేరింగూ రెండూ దొరుకుతాయి. బేరింగ్ లోపలి రంధ్రం 8 మిల్లీమీటర్లు, మామూలు బోల్టు పడుతుంది. గోడకు గట్టిగా బిగించిన చెక్క మీద అమర్చి, ఫోన్‌ను స్లో మోషన్‌లో సెకనుకు 240 ఫ్రేముల దగ్గర పెట్టు. ఫోన్ ఎదురుగా, హింజ్‌కూ కొసకూ మధ్య ఎత్తులో ఉండాలి. పక్క నుంచి తీస్తే కోణాలు తప్పుగా కనిపిస్తాయి. వెనక ఒక కాగితం మీద డిగ్రీలు గీసి అంటించు.

నిలువుకు ఐదు ఫ్రేముల ముందు నుంచి ఐదు ఫ్రేముల తర్వాత వరకు, మొత్తం పది ఫ్రేముల వ్యవధిలో గొట్టం ఎంత కోణం తిరిగిందో కొలువు. √(3g/L) నిజమైతే 11.8° రావాలి. నీ 2√(g/L) నిజమైతే 13.6° రావాలి. కొస దగ్గర చూస్తే ఇది దాదాపు 25, 29 సెంటీమీటర్ల మధ్య తేడా. మామూలు స్కేలుతోనే తెలిసిపోతుంది.

రంధ్రం మరీ చివర వేయలేవు, లోహం చిట్లిపోతుంది. రెండు సెంటీమీటర్లు లోపలికి వేశావనుకో, అప్పుడు జడత్వ భ్రామకం ML²/12 + Mh², h = 0.58. ω 4.95 బదులు 4.99 వస్తుంది, ఒక శాతం లోపు పెరుగుదల. ఈ సవరణ చిన్నదే కానీ చేసుకోవాలి, ఎందుకంటే ఘర్షణ దీన్ని వ్యతిరేక దిశలో లాగుతుంది. రెండూ ఒకదాన్నొకటి కప్పేసుకుంటే జవాబు సరిగ్గా వచ్చినట్టే కనిపిస్తుంది. g విషయంలో బెంగళూరులో 9.8 బదులు 9.78 వేసినా ω 4.95 నుంచి 4.945కి వస్తుంది, నీ ఫోన్ ఆ తేడాను పట్టలేదు. హింజ్ బలానికీ బరువుకూ ఉన్న 5/2 నిష్పత్తిలో అయితే gనే లేదు.

ఘర్షణ ఎంతుందో వీడియోలోనే కొలవొచ్చు. గొట్టం అవతలి పక్కకు లేచి ఎక్కడ ఆగిందో చూడు. ఘర్షణ లేకపోతే సరిగ్గా అడ్డంగా అయ్యేదాకా లేవాలి. 6° ముందే ఆగితే, మొత్తం ఊపులో పోయిన శక్తి మొదటున్నదాంట్లో sin 6°, అంటే పదిలో ఒక వంతు. రాకపోకలు సమానంగా ఉంటాయి కాబట్టి అందులో సగం, ఐదు శాతం, నిలువుకు వచ్చేలోపే పోయిందనుకోవచ్చు. ω² ఐదు శాతం తగ్గితే ω రెండున్నర శాతం తగ్గుతుంది, పది ఫ్రేముల కోణం 11.8 బదులు 11.5 దగ్గర వస్తుంది. మంచి బేరింగ్‌తో ఇంత పోకూడదు. పోతుంటే బోల్టు మరీ బిగించావని అర్థం, పావు చుట్టు వదులు చేసి మళ్లీ తీయి.